కుట్టు ముడతల ఫొటోను చదవడం: తప్పు దారం టెన్షన్‌దా, సూదిదా?

కుట్టు వెంట బట్ట ముడతలు పడుతోందని, ఫొటో చూసి కారణం చెప్పమని అడిగేవారు సాధారణంగా ఒకే ఫొటో పంపుతారు. అది బట్ట మంచివైపు నుంచి, కాస్త దూరంగా, చాలాసార్లు ఇస్త్రీ చేసిన తర్వాత తీసినదై ఉంటుంది. అలాంటి ఫొటోలో ముడతలు ఉన్నాయని మాత్రమే తెలుస్తుంది. దారం బిగుసుకుపోయినా, సూది బట్టకు మించి లావైనా, దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

తేడా తెలియాలంటే రెండు పనులు చేయాలి. మొదటిది, పైదారం, బాబిన్ దారం వేరువేరు రంగుల్లో పెట్టి దగ్గర నుంచి ఫొటో తీయడం. రెండవది, కుట్టులో కొంత భాగం దారాన్ని తెంపి, అప్పుడు ముడత ఏమవుతుందో ఫొటోలో పట్టుకోవడం. దారం తెగగానే ముడత పోతే దాన్ని పట్టి ఉంచింది దారం బిగువే. తెగినా పోకపోతే కారణాన్ని సూది దగ్గర, దారం లావు దగ్గర వెతకాలి. కింది మెట్లన్నీ ఈ ఒక్క పరీక్షను సరిగా చేయడానికి, దాని ఫలితాన్ని సరిగా చదవడానికి ఉద్దేశించినవే.

1. ఫొటో కోసం విడిగా ఒక నమూనా కుట్టండి

కుట్టిన దుస్తును ఫొటో తీయడం కంటే అదే బట్ట ముక్కల మీద నమూనా కుట్టి తీయడం మేలు, ఎందుకంటే నమూనాలో దారాన్ని నిర్భయంగా తెంపవచ్చు. సుమారు 20 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు గల ముక్కలు రెండు తీసుకోండి. పొడవు వైపు బట్ట అంచుకు సమాంతరంగా, అంటే పడుగు దారాల దిశలో ఉండాలి. నేసిన బట్టల్లో ముడత ఎక్కువగా కనిపించేది ఆ దిశలోనే.

మెషీన్‌లో ఇప్పుడు ఏ సూది ఉందో, టెన్షన్ డయల్ ఏ అంకె మీద ఉందో, కుట్టు పొడవు ఎంతో అలాగే ఉంచండి. నమూనా కుట్టే ముందు సూది మార్చినా, డయల్ తిప్పినా అసలు తప్పుకు సాక్ష్యం పోతుంది. మార్చవలసింది దారం రంగు ఒక్కటే. పైన ఎరుపు ఉంటే బాబిన్‌లో తెలుపు పెట్టండి, కానీ రెండూ మీరు ఎప్పుడూ వాడే రకం, అదే లావు దారాలే కావాలి.

కుట్టే ముందు చూసుకోవలసినవి:

- రెండు ముక్కల మీద అడ్డంగా, 5 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున, పైముక్క గీత కిందిముక్క గీతతో కలిసేలా పెన్సిల్‌తో గీతలు గీయాలి.
- ఫుట్ పైకి ఎత్తి ఉంచి పైదారాన్ని మొదటి నుంచి మళ్ళీ ఎక్కించాలి.
- కుట్టేటప్పుడు బట్టను ముందు నుంచి గానీ వెనుక నుంచి గానీ లాగకూడదు.
- కుట్టాక ఇస్త్రీ చేయకూడదు, చేత్తో సాగదీసి సరిచేయకూడదు.

రెండవ అంశం చిన్నదిగా కనిపించినా దాన్ని వదిలేయవద్దు. ఫుట్ కిందికి దించి ఉన్నప్పుడు పైదారాన్ని నొక్కి పట్టే టెన్షన్ డిస్కులు మూసుకుని ఉంటాయి కాబట్టి, అప్పుడు ఎక్కించిన దారం వాటి మధ్యలోకి పోకుండా పైపైనే ఉండిపోతుంది. అలా కుట్టిన నమూనా డయల్ గురించి అబద్ధం చెబుతుంది.

2. నాలుగు ఫొటోలు, పక్కవాటు వెలుతురు

వెలుతురు నేరుగా పైనుంచి పడితే ముడతల నీడలు కనిపించవు. కిటికీ పక్కనో, ఒక పక్కగా పెట్టిన దీపం దగ్గరో నమూనాను బల్ల మీద పరిచి, వెలుతురు కుట్టు పొడవు వెంట తక్కువ ఎత్తు నుంచి వచ్చేలా ఉంచండి. ముడతలు కుట్టుకు అడ్డంగా లేస్తాయి కాబట్టి, ఇలా పెడితే ప్రతి ముడతకూ ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ పడుతుంది. ఫ్లాష్ వాడవద్దు.

- మొదటి ఫొటో: నమూనా మొత్తం, పైవైపు, పక్కన కొలబద్దతో.
- రెండవది: అదే, కిందివైపు నుంచి.
- మూడవది: పైవైపు కుట్టులో 2 సెంటీమీటర్ల మేర మాత్రమే ఫొటో నిండా వచ్చేలా.
- నాలుగవది: కిందివైపు అదే చోటు, అంతే దగ్గరగా.

దగ్గరి ఫొటోలో ఒక్కొక్క కుట్టు రంధ్రం, దాని చుట్టూ బట్ట నూలు విడివిడిగా కనబడాలి. ఫోన్ మరీ దగ్గరకు తెస్తే ఫోకస్ చెదురుతుంది. కాస్త దూరం నుంచి తీసి తర్వాత కత్తిరించుకోవడమే మంచిది.

3. దగ్గరి ఫొటోలో ముందుగా ముడి ఎక్కడ ఉందో చూడండి

ప్రతి కుట్టు దగ్గరా పైదారం, బాబిన్ దారం ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. ఆ ముడి రెండు పొరల మధ్య దాగి ఉంటే రెండు దారాల లాగుడు సమానంగా ఉన్నట్టు. అప్పుడు పైవైపు ఎరుపు మాత్రమే, కిందివైపు తెలుపు మాత్రమే కనిపిస్తుంది.

పైవైపు ప్రతి రంధ్రం దగ్గర తెల్లని చుక్క కనబడుతూ, ఎర్ర దారం బట్ట మీద తీగలా తిన్నగా పడి ఉంటే, పైదారం బలంగా లాగుతోంది, లేదా బాబిన్ దారం వదులుగా వస్తోంది. డయల్ ముట్టుకునే ముందు బాబిన్ కేసు స్ప్రింగ్ కింద చూడండి. అక్కడ నూలు పీచు చేరితే స్ప్రింగ్ దారాన్ని నొక్కలేదు, ఫొటోలో మాత్రం పైదారం బిగిసినట్టే కనిపిస్తుంది.

దీనికి తిరగబడిన రూపంలో, కిందివైపు ఎర్ర చుక్కలో, చిన్న ఎర్ర ఉచ్చులో కనబడితే పైదారం వదులుగా ఉన్నట్టు, లేదా బాబిన్ దారం బిగుతుగా ఉన్నట్టు. ఉచ్చులు పెద్దవై గుబురుగా చిక్కుపడి ఉంటే దాదాపు ఎప్పుడూ పైదారం డిస్కుల మధ్య లేనట్టే. చిక్కు కింద కనబడింది కదా అని బాబిన్ మీద అనుమానపడడం ఇక్కడ అందరూ చేసే పని, కానీ చూడవలసింది పైన.

ఇంతవరకు సులువే. చాలామంది దారి తప్పేది మూడవ సందర్భంలో. ముడి సరిగ్గా మధ్యలోనే ఉంటుంది, చుక్కలు ఏ వైపూ లేవు, అయినా ముడతలు ఉంటాయి. దీన్ని చూసి టెన్షన్ బాగుంది కాబట్టి తప్పు సూదిదే అని తీర్మానించకూడదు. రెండు దారాలూ సమానంగా, కానీ రెండూ మితిమీరి బిగుతుగా ఉన్నప్పుడు కూడా ముడి మధ్యలోనే నిలుస్తుంది. ముడి ఉన్న చోటు రెండు దారాల మధ్య సమతూకాన్ని చెబుతుందే తప్ప, మొత్తం బిగువు ఎంతో చెప్పదు. ఆ బిగువు తెలియాలంటే దారం తెంపి చూడవలసిందే.

4. సూది బట్టలో వదిలే గుర్తులు

అదే దగ్గరి ఫొటోలో ఇప్పుడు దారాన్ని వదిలేసి బట్టను చూడండి.

సూది మొన మొండిబారినా, దాని మీద కంటికి కనబడని గరుకు ఏర్పడినా, అది నూలు పోగుల మధ్య దారి చేసుకోకుండా కొన్ని పోగులను పట్టుకుని లాగుతుంది. లాగబడిన పోగు ఫొటోలో కుట్టు దగ్గర మొదలై పక్కకు పోయే సన్నని, తిన్నని గీతగా కనిపిస్తుంది. ముడతకు, దీనికి తేడా ఏమిటంటే, ముడత మెత్తని అలలా ఉండి దాని నీడ వెడల్పుగా పడుతుంది. పోగు గీత సన్నగా ఉండి, కొన్ని సెంటీమీటర్ల దూరం పోయినా వంకర తిరగదు, వెలుతురు దిశ మార్చినా మాయం కాదు. పట్టు, శాటిన్ వంటి నున్నని బట్టల్లో ఇది స్పష్టంగా తెలుస్తుంది.

సూది మొన బాగానే ఉండి, సూది లావుగా ఉంటే గుర్తు వేరు. రంధ్రం దారం కంటే పెద్దదిగా, దారం చుట్టూ ఖాళీ కనిపించేలా ఉంటుంది, ముడతలు చిన్నవిగా, దగ్గరదగ్గరగా, రెండు పొరల్లోనూ ఒకేలా ఉంటాయి. సూది మీద ఉండే రెండు అంకెల్లో పెద్దది దాని కాడ మందాన్ని మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కన చెబుతుంది. 90/14 అంటే 0.9 మిల్లీమీటర్లు, 70/10 అంటే 0.7. సన్నని నేత బట్టలకు 60 నుంచి 70 వరకు, మామూలు నూలు బట్టకు 80, జీన్స్ వంటి మందపు బట్టకు 100 వాడడం పరిపాటి.

మధ్యమధ్య కుట్లు తప్పిపోయి, వాటి పక్కనే ముడత కనిపిస్తే సూది వంగిందేమో చూడాలి. సూది చదునైన పక్కను గాజు మీద ఆనించి, కంటి ఎత్తులో పెట్టి చూస్తే, గాజుకు, సూదికి మధ్య సందు మొన దాకా సమానంగా ఉండాలి. మొన గరుకును తెలుసుకోవడానికి పాత నైలాన్ మేజోడు గుండా దాన్ని మెల్లగా గుచ్చి తీయండి. పోగు తట్టుకుంటే ఆ సూది పారేయవలసిందే.

5. తేల్చే పరీక్ష: ఒకే కుట్టును మూడు భాగాలు చేయడం

నమూనా కుట్టును పొడవునా మూడు సమాన భాగాలుగా గుర్తు పెట్టుకోండి. ఒక్కొక్కటి 6 సెంటీమీటర్లకు పైగానే వస్తుంది.

1. మొదటి భాగాన్ని ముట్టుకోకండి. అది పోలిక కోసం.
2. మధ్య భాగంలో, కుట్లు విప్పే రిప్పర్‌తో పైదారాన్ని మాత్రం ప్రతి రెండు మూడు కుట్లకు ఒకసారి తెంపండి. దారాన్ని బయటికి లాగకండి, తెగిన ముక్కలు అక్కడే ఉండాలి.
3. చివరి భాగంలో రెండు దారాలనూ పూర్తిగా తీసేయండి. పొరలను వేరు చేయకుండా అలాగే ఒకదాని మీద ఒకటి ఉంచండి.
4. వేలితో మెల్లగా ఒకసారి నిమిరి, కొన్ని నిమిషాలు వదిలి, మునుపటి వెలుతురులోనే మూడు భాగాలూ ఒకే ఫొటోలో వచ్చేలా తీయండి.

ఈ ఐదవ ఫొటోయే అసలైన సాక్ష్యం. దాన్ని ఇలా చదవాలి.

మధ్య భాగం చదునుగా పరుచుకుని, మొదటి భాగంలో మాత్రం ముడతలు మిగిలితే అది టెన్షన్ ముడత. కుట్టేటప్పుడు సాగిన దారం తర్వాత తన పొడవుకు తిరిగి రావాలని బట్టను దగ్గరకు లాగింది, తెంపగానే ఆ లాగుడు పోయింది. పాలియెస్టర్ దారానికి సాగే గుణం ఎక్కువ కాబట్టి దీనిలో ఇది తరచుగా కనిపిస్తుంది. కుట్టిన వెంటనే చదునుగా ఉన్న కుట్టు కొన్ని గంటల తర్వాత ముడుచుకోవడానికీ ఇదే కారణం. బాబిన్‌ను అతివేగంగా, బిగుతుగా చుట్టినా బాబిన్ దారం అప్పుడే సాగిపోయి ఇదే ఫలితం ఇస్తుంది.

మధ్య భాగం మారకుండా, దారాలు తీసేసిన చివరి భాగం మాత్రం చదునైతే, దారం బిగువు కాదు, దారం అక్కడ ఉండడమే కష్టం. దట్టమైన నేతలో పోగుల మధ్య ఖాళీ ఉండదు. సూది పోగులను పక్కకు నెట్టి దారాన్ని అక్కడ ఇరికిస్తుంది, ఆ పోగులు సర్దుకోవడానికి చోటు లేక బట్ట పైకి లేస్తుంది. దీనికి డయల్ ఎంత తిప్పినా ఉపయోగం ఉండదు. సూది, దారం రెండూ సన్నబడాలి.

చివరి భాగంలో దారాలు పోయినా రంధ్రాలు తెరుచుకునే ఉండి, సన్నని గీతలు మిగిలితే సూది మొన బట్టను గాయపరిచింది.

ఇక నాలుగవ అవకాశం ఒకటి ఉంది. చివరి భాగంలో ఒక పొర చదునుగా, రెండవది ఉబ్బెత్తుగా ఉంటే పెన్సిల్ గీతలను చూడండి. అవి కలవకుండా కుట్టు సాగేకొద్దీ ఎడం పెరుగుతుంటే, కింది పళ్ళు ఒక పొరను వేగంగా నడిపిస్తూ ఫుట్ రెండవదాన్ని అడ్డుకుంటోందన్నమాట. ఇది టెన్షన్ తప్పూ కాదు, సూది తప్పూ కాదు. ఫుట్ ఒత్తిడి తగ్గించి చూడాలి.

6. ఒక నమూనాను చదువుదాం

పాలియెస్టర్ క్రేప్, రెండు పొరలు. సూది 90/14, డయల్ 4 మీద, కుట్టు పొడవు 2 మిల్లీమీటర్లు. పైన ఎరుపు, బాబిన్‌లో తెలుపు.

మొదటి రెండు ఫొటోల్లో రెండు పొరలూ ఒకేలా అలలు పోయి ఉన్నాయి, పెన్సిల్ గీతలు కలిసే ఉన్నాయి. కాబట్టి పళ్ళ, ఫుట్ సంగతి పక్కన పెట్టవచ్చు. మూడవ ఫొటోలో ప్రతి రంధ్రం దగ్గర తెల్లని చుక్క ఉంది. ఇక్కడితో ఆగితే పైదారం బిగుతు అని చెప్పేసి ఊరుకుంటాం.

కానీ అదే ఫొటోలో రంధ్రాల చుట్టూ ఖాళీ కూడా కనిపిస్తోంది. ఐదవ ఫొటోలో మధ్య భాగం ముడతలు సగమే తగ్గాయి, చివరి భాగం పూర్తిగా చదునైంది. అంటే కారణాలు రెండు ఉన్నాయి. పైదారం బిగుతు కొంత, సూది లావు కొంత.

ముందుగా సూదిని 70/10కి మార్చారు. కాడ మందం 0.9 నుంచి 0.7కి తగ్గితే రంధ్రం వైశాల్యం సుమారు 40 శాతం తగ్గుతుంది. దానికి తగిన సన్నని దారం ఎక్కించి, కుట్టు పొడవు 2.5 చేశారు. సెంటీమీటరుకు 5 కుట్లకు బదులు 4 పడతాయి కాబట్టి బట్టలో ఇరికే దారం ఆ మేరకు తగ్గుతుంది. కొత్త నమూనాలో చిన్న, దగ్గరి ముడతలు పోయాయి, తెల్ల చుక్కలు, కాస్త పెద్ద అలలు మిగిలాయి. అప్పుడు డయల్ 4 నుంచి 3కి దించగా చుక్కలు మాయమై అలలు కూడా పోయాయి.

7. దిద్దుబాటుకు వరుస

సూది ముందు, డయల్ తర్వాత. సూది మారితే రంధ్రం మారుతుంది, రంధ్రం మారితే ముడి బట్టలోకి లేచే తీరు మారుతుంది. ముందుగా డయల్ సరిచేసుకుని తర్వాత సూది మారిస్తే, టెన్షన్ మళ్ళీ మొదటి నుంచి చూసుకోవలసి వస్తుంది.

1. కొత్త సూది, బట్టకు తగిన నంబరు, చదునైన పక్క మీ మెషీన్ చెప్పిన వైపుకు, పూర్తిగా పైకి నెట్టి బిగించండి.
2. దారం సూదికి తగినదేనా చూడండి. 30 సెంటీమీటర్ల దారాన్ని విడి సూది కంట్లో ఎక్కించి, ఏటవాలుగా బిగించి పట్టుకుంటే సూది తనంతట తాను జారాలి.
3. బాబిన్ కేసు శుభ్రం చేసి, బాబిన్‌ను మెల్లగా, సమానంగా చుట్టండి.
4. ఫుట్ ఎత్తి దారం ఎక్కించి, కొత్త నమూనా కుట్టండి.
5. ముడతలు ఉంటేనే డయల్‌ను అర అంకె చొప్పున దించుతూ, ప్రతిసారీ నమూనా కుట్టి, దాని మీద అంకె రాసి ఫొటో తీయండి.
6. పైదారం బాగా వదులై కింద ఉచ్చులు మొదలయ్యేదాకా దించినా ముడతలు పోకపోతే, అప్పుడే బాబిన్ కేసు స్క్రూ వైపు వెళ్ళండి.

ఆ స్క్రూ తిప్పే ముందు దాని గాడి ఏ దిశలో ఉందో ఫొటో తీసి పెట్టుకోండి. అపసవ్యంగా తిప్పితే వదులవుతుంది, ఒకసారికి పావు చుట్టు కంటే తక్కువే తిప్పాలి. బయటికి వచ్చే రకం కేసు అయితే దారం పట్టుకుని వేలాడదీయండి. తన బరువుకు తాను నిలిచి, చిన్న కుదుపుకు కొన్ని సెంటీమీటర్లు జారి ఆగితే సరిపోతుంది. జారనే జారకపోతే బిగుతు, ఆగకుండా నేల దాకా పోతే వదులు.

రెండు దారాల్లో ఏది ఎక్కువ బిగుతో ఇంకా సందేహంగా ఉంటే, బట్టను క్రాస్‌గా కత్తిరించి కుట్టిన ముక్కను రెండు చేతులతో పట్టి కుట్టు వెంట గట్టిగా లాగండి. ముందు తెగిన దారమే ఎక్కువ బిగుతుగా ఉన్నది.

8. ఫొటోను తప్పుగా చదివించే పొరపాట్లు

- ఒకే రంగు దారాలతో నమూనా: ముడి ఎక్కడుందో ఎంత పెద్దది చేసి చూసినా తెలియదు.
- ఇస్త్రీ తర్వాత ఫొటో: ఆవిరి ముడతను తాత్కాలికంగా అణచివేస్తుంది.
- సూది, దారం, డయల్ మూడూ ఒకేసారి మార్చడం: ముడత పోయినా ఏది పోగొట్టిందో తెలియక, మరో బట్ట దగ్గర మళ్ళీ మొదటికి వస్తారు.
- ఒక్క పొర మీద నమూనా: టెన్షన్ సమతూకం పొరల మందాన్ని బట్టి మారుతుంది, దుస్తులో ఎన్ని పొరలుంటే నమూనాలో అన్నే ఉండాలి.
- ఉతికిన తర్వాతే కనబడిన ముడతను టెన్షన్ ఖాతాలో వేయడం: ఉతకక ముందు ఫొటోలో కుట్టు చదునుగా ఉంటే, దారమో బట్టో నీటికి కుంచించుకుపోయిందేమో ముందు చూడాలి.

సన్నని సూది, సన్నని దారం, పొడవైన కుట్టు, తగ్గించిన టెన్షన్ అన్నీ కుదిరాక కూడా చాలా దట్టంగా నేసిన బట్టల్లో పడుగు దిశలో కొద్దిపాటి అల మిగిలిపోవచ్చు. అదే బట్టను అవే అమరికలతో క్రాస్‌గా కుట్టి ఫొటో తీసి చూడండి. అక్కడ కుట్టు చదునుగా వస్తే మెషీన్‌లో ఇక దిద్దవలసింది లేదు. అలాంటి బట్టతో కుట్టేటప్పుడు, నమూనా ఒప్పుకుంటే పొడవు కుట్లు పడే అంచులను పడుగుకు సరిగ్గా సమాంతరంగా కాకుండా కొద్దిగా వాలుగా కత్తిరించుకోవాలి.